ఉదయం బ్యాచ్‌లో సీటు ఎవరికి?

ఒకే కోర్సు, అవే పాఠాలు, అదే ఫీజు, తేడా అంతా వేళలోనే. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లలో బ్యాచ్ అంటే ఇంతే. గ్రూప్స్‌కో డీఎస్సీకో శిక్షణ ఇచ్చే సెంటర్ ఉదయం ఆరు గంటలకు ఒకటి, పగలు పదిన్నరకు ఒకటి, సాయంత్రం ఆరు గంటలకు ఒకటి నడుపుతుంది. చేరేవాళ్లలో ఎవరిని ఏ బ్యాచ్‌లో కూర్చోబెట్టాలన్నదే బ్యాచ్ కేటాయింపు. చాలాచోట్ల దీనికి పద్ధతంటూ ఏమీ ఉండదు. ముందుగా ఫీజు కట్టినవాళ్లకు అడిగిన వేళ దొరుకుతుంది. ఆ బ్యాచ్ నిండాక వచ్చినవాళ్లకు మిగిలింది దొరుకుతుంది. ఆ తర్వాత నెల రోజులపాటు ఆఫీసు కిటికీ దగ్గర "సార్, బ్యాచ్ మార్చండి" అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది.

ఈ గొడవలో చాలా భాగం దరఖాస్తు ఫారంలోనే మొదలవుతుంది. "మీకు అనుకూలమైన సమయం" అని రాసి, పక్కన మూడు గడులు పెట్టి, ఒకదాంట్లో టిక్కు పెట్టమంటారు. ఆ టిక్కు చెప్పేది చాలా తక్కువ. ఉదయం బ్యాచ్‌కు టిక్కు పెట్టిన ఇద్దరిలో ఒకరు మెడికల్ షాపులో పగలంతా పనిచేసే యువకుడు కావచ్చు, మరొకరు ఇంట్లో ఉండి చదువుకుంటూ పొద్దున్నే బుర్ర చురుగ్గా ఉంటుందనుకునే డిగ్రీ పూర్తయిన అమ్మాయి కావచ్చు. మొదటి వ్యక్తికి పగటి బ్యాచ్ ఇస్తే అతను మానేస్తాడు. రెండో వ్యక్తికి ఇస్తే కాస్త విసుక్కుని వస్తుంది. ఫారంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే టిక్కు.

కాబట్టి ఫారం రెండు సంగతులు విడివిడిగా అడగాలి. మొదటిది వరుస: మూడు వేళల్లో ఏది ఒకటి, ఏది రెండు, ఏది మూడు. రెండోది అసాధ్యం: ఏ వేళకు అసలు రాలేరు, ఎందుకు రాలేరు. ఈ రెండో ప్రశ్నకు కారణం రాయించుకోవడం ముఖ్యం. పల్లె నుంచి వచ్చే మొదటి బస్సు పట్నం చేరేసరికి ఆరు నలభై అవుతుంటే, ఆ విద్యార్థికి ఆరింటి బ్యాచ్ లేనట్టే. కొట్టు కట్టేసేసరికి రాత్రి తొమ్మిదయ్యేవాళ్లకు సాయంత్రం బ్యాచ్ లేనట్టే. నచ్చకపోవడం వేరు, కుదరకపోవడం వేరు. ఈ రెండూ ఒక గడిలో కలిసిపోతే ఆ తర్వాత ఎంత తెలివైన లెక్క వేసినా లాభం లేదు.

సీట్ల పరిమితి మాట తేలికగా కనిపిస్తుంది గానీ, హాల్లో ఎన్ని కుర్చీలు పడతాయన్నది ఒక్కటే కాదు. వెనక వరుసకు బోర్డు కనబడాలి, వారాంతపు పరీక్ష పేపర్లు దిద్దే మనుషులు చాలాలి. వీటిలో ఏది తక్కువైతే అదే పరిమితి. ఆ అంకెను దరఖాస్తులు తీసుకోవడానికి ముందే తేల్చుకుని గోడ మీద అతికించాలి. దరఖాస్తులు వచ్చాక అంకెను సాగదీస్తే, ఎవరికోసం సాగదీశారన్న ప్రశ్న వస్తుంది.

ఇక ఒక లెక్క. ఒక జిల్లా కేంద్రంలోని సెంటర్లో మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు 60 సీట్లు, మొత్తం 180 అనుకుందాం. దరఖాస్తులు 170 వచ్చాయి. సీట్లు పది ఎక్కువే ఉన్నాయి కాబట్టి అందరూ సర్దుకుంటారని యజమాని అనుకుంటాడు. కానీ ఫారాల్లో "రాలేను" అన్న గడులు లెక్కపెడితే వేరే సంగతి బయటపడుతుంది. ఉదయం తప్ప మరో వేళకు రాలేనివాళ్లు 38 మంది. సాయంత్రం తప్ప రాలేనివాళ్లు 44 మంది. ఉదయమైనా సాయంత్రమైనా సరే, పగలు మాత్రం కుదరదన్న ఉద్యోగులు 46 మంది. మిగిలిన 42 మందికి పగలు కూడా వీలవుతుంది. మొదటి మూడు గుంపులనూ కూడితే 128. వీళ్లందరూ ఉదయం, సాయంత్రం బ్యాచ్‌లలోనే ఇమడాలి. ఆ రెండింటిలో కలిపి ఉన్నవి 120 సీట్లు. అంటే ఏ పద్ధతిలో పంచినా, ఎంత నిజాయితీగా పంచినా, ఎనిమిది మందికి చోటు లేదు. అదే సమయంలో పగటి బ్యాచ్‌లో 18 కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

మొత్తం సీట్లు సరిపోయినా ఒక మూల కొరత ఎలా ఉంటుందో కనిపెట్టే ఈ సూత్రాన్ని ఇంగ్లండ్ గణితవేత్త ఫిలిప్ హాల్ 1935లో నిరూపించాడు. మనుషులను గుంపులుగా తీసుకుని, ఆ గుంపు వెళ్లగలిగిన చోట్లన్నిటిలో కలిపి సీట్లు చాలుతున్నాయా అని చూడాలి. ఏ ఒక్క గుంపుకు చాలకపోయినా అందరికీ కేటాయింపు అసాధ్యం. అన్ని గుంపులకూ చాలితే కేటాయింపు తప్పకుండా ఉంటుంది. మూడు బ్యాచ్‌లకు ఇది ఏడు కూడికల పని: ఒక్కో బ్యాచ్‌కే కట్టుబడ్డవాళ్లవి మూడు, రెండేసి బ్యాచ్‌లకు కట్టుబడ్డవాళ్లవి మూడు, మొత్తం అందరిదీ ఒకటి. కాగితం మీద పది నిమిషాల్లో తేలిపోతుంది. ఫీజు రసీదులు కోసిన తర్వాత తేలడం కన్నా ముందు తేలడం ఎంతో మేలు. అప్పటికింకా చేతిలో దారులుంటాయి. ఆ రెండు బ్యాచ్‌లకూ నాలుగేసి కుర్చీలు పెంచవచ్చు. శని, ఆదివారాల్లో ఒక బ్యాచ్ పెట్టవచ్చు. అదీ కుదరకపోతే, ఆ ఎనిమిది మంది ఎవరన్నది న్యాయంగా తేల్చి, డబ్బు తీసుకోకముందే చెప్పవచ్చు.

ఆ సెంటర్ కుర్చీలు పెంచింది, ఉదయం 64, సాయంత్రం 64 చేసింది అనుకుందాం. ఇప్పుడు 128 మందికి సరిగ్గా 128 సీట్లు. లెక్క కుదిరింది గానీ ఇంకో చిక్కు వచ్చింది. పగలు వీలయ్యే 42 మందిలో చాలామంది మొదటి ప్రాధాన్యంగా ఉదయమే రాసి ఉంటారు. వాళ్లలో ఒక్కరిని ఉదయం కూర్చోబెట్టినా వేరొక ఉద్యోగి బయటపడతాడు. కాబట్టి 42 మందినీ పగటికే పంపాలి. అంటే "ఎప్పుడైనా వస్తాను" అని నిజం చెప్పినవాళ్లకు దక్కింది ఎవరూ కోరని వేళ. "రాలేను" అన్నవాళ్లకు దక్కింది కోరుకున్న వేళ. ఈ సంగతి ఊళ్లో తెలియడానికి ఎంతో కాలం పట్టదు. తర్వాతి నోటిఫికేషన్‌కు వచ్చే ఫారాల్లో అందరూ పగటికి "రాలేను" అనే రాస్తారు. అప్పుడు 170 మందీ 128 సీట్ల కోసం పోటీ పడుతున్నట్టు కాగితం చూపిస్తుంది. సెంటర్‌కు నిజమైన సమాచారం అంటూ మిగలదు.

దీనికి పూర్తి మందు లేదు గానీ, పనికొచ్చే కట్టుబాటు ఒకటుంది. "రాలేను" అన్నదానికి కాగితం అడగాలి. ఉద్యోగం గుర్తింపు కార్డు, కాలేజీ టైమ్‌టేబుల్, బస్సు వేళ ఏదైనా సరే. కాగితం చూపినవాళ్ల అసాధ్యాన్ని అసాధ్యంగానే లెక్కించాలి. చూపలేనివాళ్ల "రాలేను"ను మూడో ప్రాధాన్యంగా మాత్రమే తీసుకోవాలి. ఇది కాస్త కరకుగా అనిపిస్తుంది, ముఖ్యంగా రసీదూ కార్డూ లేని చిన్న కొలువుల్లో ఉన్నవాళ్ల విషయంలో. వాళ్లకు యజమాని ఫోన్ నంబరు ఇస్తే చాలనాలి. కాగితం లేదని నిజంగా అవసరమున్నవాడిని వదిలేస్తే ఈ కట్టుబాటు పెట్టి లాభమేమిటి?

అసాధ్యాలు పక్కన పెట్టాక మిగిలేది ఇష్టాల పోటీ. అక్కడ ఎవరి మాట ముందు వినాలన్నదానికి ఒక వరుస కావాలి. ఫీజు కట్టిన తేదీ ప్రకారం వరుస పెడితే, ఆ రోజు చేతిలో డబ్బున్నవాళ్లూ సెంటర్ పక్కనే ఉండేవాళ్లూ ముందుంటారు. అదేమీ ప్రతిభ కాదు. వారం రోజులు గడువిచ్చి, ఆ వారంలో వచ్చిన ఫారాలన్నిటికీ అందరి ముందూ లాటరీ తీసి నంబర్లు ఇవ్వడం మెరుగు. స్క్రీనింగ్ టెస్టు పెట్టే సెంటర్లలో ర్యాంకే వరుస అవుతుంది. ఏ వరుసైనా సరే, ముందే ప్రకటించాలి, మధ్యలో మార్చకూడదు.

వరుస ఉన్నా దాన్ని వాడే తీరులో రెండు దారులున్నాయి. ఒకటి చూడగానే న్యాయంగా కనిపిస్తుంది, కానీ కాదు. ముందుగా అందరి మొదటి ప్రాధాన్యాలూ నింపడం, మిగిలిన సీట్లలో రెండో ప్రాధాన్యాలు నింపడం, ఆ తర్వాత మూడోవి. రెండో దారిలో లాటరీ నంబరు ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ల జాబితాలో ఖాళీ ఉన్నవాటిలో పైనున్నది ఇచ్చేసి, తర్వాతి నంబరుకు వెళ్లడం. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. ఆరుగురితో, బ్యాచ్‌కు రెండేసి సీట్లతో చూస్తే అది ఎంతటిదో తెలుస్తుంది.

లాటరీలో 1, 2, 3 నంబర్లు వచ్చిన ముగ్గురూ మొదట ఉదయమే కోరారు. 4, 5 నంబర్లవాళ్లు మొదట సాయంత్రం కోరారు. ఆరో నంబరుది మొదటి కోరిక పగలు. మూడో నంబరు మన మెడికల్ షాపు యువకుడు. అతని జాబితాలో ఉదయం, సాయంత్రం, చివర పగలు. గుర్తింపు కార్డు లేదు కాబట్టి అతని "రాలేను" లెక్కలోకి రాలేదు. ఐదో నంబరు రెండో కోరిక పగలు.

మొదటి దారిలో ముందు మొదటి ప్రాధాన్యాలు నింపుతారు. ఉదయం రెండు సీట్లూ 1, 2 నంబర్లకు పోతాయి. సాయంత్రం రెండూ 4, 5 నంబర్లకు పోతాయి. ఆరో నంబరుకు పగలు. మూడో నంబరుకు ఉదయం దొరకలేదు. రెండో కోరిక సాయంత్రం చూస్తే అప్పటికే నిండింది. కాబట్టి అతనికి పగలు వస్తుంది, అతను మానేస్తాడు. లాటరీలో తనకన్నా వెనకున్న 4, 5 నంబర్లవాళ్లు తన కళ్ల ముందే సాయంత్రం సీట్లు తీసుకున్నారు. అతను ఉదయం మీద ఆశ వదులుకుని, మొదటి ప్రాధాన్యంగా సాయంత్రమే రాసి ఉంటే ఆ సీటు దక్కేది. అంటే నిజం రాసినందుకు నష్టపోయాడు.

రెండో దారిలో 1, 2 నంబర్లకు ఉదయం. మూడో నంబరు వంతు రాగానే ఉదయం లేదు కాబట్టి సాయంత్రం. నాలుగో నంబరుకు సాయంత్రం. ఐదో నంబరుకు సాయంత్రం నిండింది కాబట్టి రెండో కోరిక పగలు. ఆరో నంబరుకు పగలు. నలుగురికి మొదటి కోరిక, ఇద్దరికి రెండోది. మూడో కోరికతో మిగిలినవాళ్లు లేరు.

గమ్మత్తేమిటంటే, మొదటి దారి కాగితం మీద బాగా కనిపిస్తుంది. ఆరుగురిలో ఐదుగురికి మొదటి కోరిక దక్కిందని కరపత్రంలో వేసుకోవచ్చు. రెండో దారిలో ఆ అంకె నాలుగే. "ఎంతమందికి మొదటి ప్రాధాన్యం దక్కింది" అన్న ఒక్క అంకెతో కేటాయింపును కొలిచే సెంటర్ ఎప్పుడూ తప్పుడు దారే ఎంచుకుంటుంది. పైగా విద్యార్థులు తెలివి మీరి, దొరికేదాన్నే మొదటి కోరికగా రాయడం మొదలుపెడితే ఆ అంకె ఇంకా పెరుగుతుంది. అమెరికాలో బోస్టన్ నగరం ప్రభుత్వ బడుల్లో పిల్లలకు సీట్లు పంచేందుకు ఈ మొదటి దారినే చాలాకాలం వాడింది. తల్లిదండ్రులు ఏ బడిని మొదట రాయాలో ఎత్తులు వేసుకునే పరిస్థితి వచ్చింది. 2003లో అబ్దుల్‌కాదిరోగ్లు, సోన్మెజ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ లోపాన్ని బయటపెట్టారు. 2005లో నగరం ఆ పద్ధతిని మానేసింది.

రెండో దారి తెలుగువాళ్లకు కొత్త కాదు. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల వెనక ఉన్నది, రిజర్వేషన్ నిబంధనలు కలుపుకొని, ఇదే. ర్యాంకు వరుసలో అభ్యర్థి వంతు వస్తుంది. అతని జాబితాలో ఖాళీ ఉన్న వాటిలో పైనున్నది దక్కుతుంది. అందుకే అక్కడ నిజమైన ఇష్టం ప్రకారం రాసుకోవడమే తెలివైన పని. దొరకదనుకున్న కాలేజీని పైన రాసినంత మాత్రాన కిందిది చేజారదు. జాబితా చిన్నదిగా పెట్టుకుంటేనే ప్రమాదం, వంతు వచ్చేసరికి అందులో ఏదీ మిగలకపోవచ్చు.

వరుసగా పిలిచే పద్ధతికీ ఒక బలహీనత ఉంది. ముందు వచ్చినవాళ్లు తమకు నచ్చింది తీసుకుంటూ పోతే, చివర వచ్చినవాడికి రాలేని వేళే మిగలవచ్చు. దాన్ని తప్పించడానికి ప్రతి వంతులోనూ పైన చెప్పిన ఏడు కూడికలు మళ్లీ చూసుకోవాలి. ఈ సీటు ఇతనికిస్తే, ఇంకా పిలవనివాళ్లలో కాగితం చూపి "రాలేను" అన్నవాళ్లందరికీ చోటు మిగులుతుందా? మిగలకపోతే ఇతనికి జాబితాలో తర్వాతిది ఇవ్వాలి. కంప్యూటర్ ఉంటే ఇది క్షణంలో అయిపోయే పని. చేత్తో చేసే చోట, అందరినీ పిలిచాక చిక్కుకున్నవాళ్లకోసం ఒక గొలుసు వెతకవచ్చు. చివరి వ్యక్తి సాయంత్రం మాత్రమే రాగలడు, సాయంత్రం నిండింది. సాయంత్రంలో ఉన్న ఒకరు ఉదయానికైనా రాగలరు, కానీ ఉదయమూ నిండింది. ఉదయంలో ఉన్న ఒకరికి పగలు వీలే, పగలు ఖాళీ ఉంది. ఆ ఇద్దరినీ ఒక్కో మెట్టు జరిపితే మూడోవాడికి చోటు దొరుకుతుంది. ఈ జరపడమంతా జాబితా ప్రకటించకముందే జరగాలి. బోర్డు మీద పేరు పడ్డాక ఎవరినీ వాళ్ల ఒప్పుదల లేకుండా కదపకూడదు.

జంటల సంగతి వేరు. ఒకే స్కూటరు మీద వచ్చే అన్నదమ్ములు ఒకే బ్యాచ్ కోరతారు. పసిబిడ్డ ఉన్న భార్యాభర్తలు వేర్వేరు బ్యాచ్‌లు కోరతారు, ఒకరు ఇంట్లో ఉండాలి కదా. ఇలాంటివాళ్లకు ఒకే టోకెన్ ఇచ్చి, ఒకేసారి పిలవడం తేలిక. ఇద్దరికీ కలిపి కుదిరే మొదటి ఏర్పాటు ఇవ్వాలి. అయితే ఇద్దరు కలిసిన టోకెన్‌కు ముందు వరుస నంబరు వచ్చే అవకాశం మామూలు టోకెన్ కన్నా ఎక్కువ కాకుండా, ఇద్దరికీ కలిపి లాటరీలో ఒక్క చీటీయే వేయాలి.

ఇంతవరకూ బాగా చేసినా బ్యాచ్ మార్పు అడిగేవాళ్లు వస్తారు. ఉద్యోగం షిఫ్టు మారుతుంది, బస్సు వేళ మారుతుంది, ఊరికి దగ్గరగా గది దొరుకుతుంది. దీన్ని కిటికీ దగ్గర ఎవరికి వారుగా తేలిస్తే జరిగేది ఒకటే. "ఆ బ్యాచ్‌లో ఖాళీ లేదమ్మా" అన్న జవాబు. అన్ని బ్యాచ్‌లూ నిండి ఉన్నప్పుడు అది అబద్ధమూ కాదు. కానీ అడిగినవాళ్ల కాగితాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే లెక్క మారిపోతుంది. రైల్లో బెర్తులు మార్చుకున్నట్టు, ఖాళీ లేకపోయినా మార్పులు సాధ్యమే.

ఒక వారంలో వచ్చిన పదిహేను వినతులు ఇలా ఉన్నాయనుకుందాం. ఉదయం నుంచి సాయంత్రానికి 5, సాయంత్రం నుంచి ఉదయానికి 3, సాయంత్రం నుంచి పగటికి 2, పగటి నుంచి ఉదయానికి 4, పగటి నుంచి సాయంత్రానికి 1. మూడు బ్యాచ్‌లూ పూర్తిగా నిండి ఉన్నాయి. కిటికీ దగ్గర విడివిడిగా అడిగితే కదిలేది సున్నా.

మొదట తట్టే పని జోడీలు కలపడం. ఉదయం, సాయంత్రం మధ్య మూడు జోడీలు కుదురుతాయి, ఆరుగురు కదులుతారు. సాయంత్రం, పగలు మధ్య ఒక జోడీ, ఇద్దరు. మిగిలినవాళ్లలో జోడీ లేదు గానీ ఒక వలయం ఉంది: ఉదయం వ్యక్తి సాయంత్రానికి, సాయంత్రం వ్యక్తి పగటికి, పగటి వ్యక్తి ఉదయానికి. ముగ్గురూ ఒకేసారి కదిలితే ఏ బ్యాచ్‌లోనూ ఒక్క సీటూ పెరగదు, తగ్గదు. మొత్తం పదకొండు మంది.

ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే పన్నెండు కూడా కుదురుతుంది. సాయంత్రం నుంచి పగటికి వెళ్తామన్న ఇద్దరూ ఇక్కడ అరుదైన మనుషులు, పగటికి పోతామన్నవాళ్లు వాళ్లు తప్ప ఎవరూ లేరు. వాళ్లలో ఒకరిని జోడీలో వాడితే ఇంకొక్క మనిషే కదులుతాడు. వలయంలో వాడితే ఇంకా ఇద్దరు కదులుతారు. కాబట్టి సాయంత్రం, పగలు జోడీ మానేసి, ఆ ఇద్దరితో రెండు వలయాలు కట్టాలి. మూడు జోడీల్లో ఆరుగురు, రెండు వలయాల్లో ఆరుగురు, మొత్తం పన్నెండు. అందరూ వెళ్లిపోదామనుకునే బ్యాచ్‌కు వస్తామన్నవాళ్లే మార్పులకు తాళం. వాళ్లను తొందరపడి ఖర్చుపెట్టకూడదు. అయితే దీనికీ ఒక ధర ఉంది. పగటి నుంచి సాయంత్రం కోరిన ఒక్కరు మొదటి పద్ధతిలో కదిలేవారు, ఇప్పుడు ఆగిపోయారు. అందుకే ఎక్కువమందిని కదపడమే లక్ష్యమా, ముందు అడిగినవాళ్లను కదపడమా అన్నది సెంటర్ ముందే తేల్చి చెప్పాలి. తర్వాత చెప్తే సాకులా ఉంటుంది.

ఈ వలయాల ఆలోచనకు మూలం 1974లో లాయిడ్ షాప్లే, హెర్బర్ట్ స్కార్ఫ్ రాసిన వ్యాసం. తలా ఒక ఇల్లు ఉన్న మనుషులు డబ్బు ప్రసక్తి లేకుండా ఇళ్లు ఎలా మార్చుకోవచ్చన్నది అందులోని ప్రశ్న. ప్రతి ఒక్కరూ తనకు నచ్చిన ఇంటివాడి వైపు వేలు చూపితే ఎక్కడో ఒకచోట వలయం తప్పక ఏర్పడుతుంది, ఆ వలయంలోనివాళ్లు మార్చుకుని పక్కకు తప్పుకుంటారు, మిగిలినవాళ్లు మళ్లీ వేళ్లు చూపుతారు. ఈ పద్ధతి డేవిడ్ గేల్ ఆలోచన అని ఆ వ్యాసమే చెబుతుంది. తర్వాతి కాలంలో కిడ్నీ దానాల మార్పిడికి ఇదే దారి చూపింది. ఈ రంగంలో కృషికి షాప్లే, ఆల్విన్ రోత్‌లకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఎవరైనా మధ్యలో మానేసి సీటు ఖాళీ అయితే అప్పుడు గొలుసు కదలాలి. ఉదాహరణకు పైన చెప్పిన పన్నెండు మార్పుల తర్వాత సాయంత్రంలో ఒక సీటు ఖాళీ అయింది. ఆగిపోయిన ఆ ఒక్కరు పగటి నుంచి సాయంత్రానికి వెళ్తారు. పగట్లో సీటు ఖాళీ అవుతుంది. దానికి లోపలివాళ్లెవరూ అడగలేదు కాబట్టి ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న కొత్తవాళ్లకు ఇవ్వాలి. చాలా సెంటర్లు ఇక్కడే తిరగేసి చేస్తాయి. సాయంత్రం సీటు ఖాళీ కాగానే కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చేస్తాయి, ఫీజు వస్తుందని. కొత్త మనిషిని గొలుసు చివర చేర్చినా అదే ఫీజు వస్తుంది. కాస్త ఓపిక పడితే చాలు.

మార్పు అడిగినంత మాత్రాన ఉన్న సీటు పోకూడదు. ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి సీట్ల కేటాయింపులో ఫ్లోట్, స్లైడ్ అన్న వీలు ఇందుకే. అభ్యర్థి వచ్చిన సీటును చేతిలో ఉంచుకునే, ఇంకా మెరుగైనది వస్తే దానికి వెళ్తానని చెబుతాడు. రాకపోతే ఉన్నది ఉంటుంది. వచ్చిందా, పాతది వెంటనే వేరొకరికి పోతుంది, రెండూ ఉంచుకోవడం కుదరదు. కోచింగ్ సెంటర్ మార్పు ఫారంలో కూడా ఈ రెండు వాక్యాలూ ఉండాలి. లేకపోతే భయపడి అడగనివాళ్లు ఒకవైపు, రెండు బ్యాచ్‌లలోనూ పేరు ఉంచుకునేవాళ్లు మరోవైపు తయారవుతారు.

మార్పులకు అసలైన హద్దు సీట్లు కాదు, సిలబస్. ఉదయం బ్యాచ్‌లో అంకగణితం లాభనష్టాల దాకా వచ్చి, సాయంత్రం ఇంకా శాతాలలోనే ఉంటే, సాయంత్రం నుంచి ఉదయానికి వెళ్లినవాళ్లకు మధ్యలోని పాఠాలు పోతాయి. ఉదయం నుంచి సాయంత్రానికి వచ్చినవాళ్లు విన్నదే మళ్లీ వింటారు. పండగ సెలవులు, మాస్టారి గైర్హాజరు వల్ల ఈ తేడా రెండు నెలల్లో పెరుగుతూ పోతుంది. కాబట్టి మార్పుల జాబితా వారంవారం కాకుండా, ఒక అధ్యాయం అన్ని బ్యాచ్‌లలోనూ ముగిసిన రోజున తీయడం మేలు. మొదటి నెలలో రెండుసార్లు, ఆ తర్వాత అధ్యాయానికి ఒకసారి, కోర్సు మూడో వంతు మిగిలినప్పుడు పూర్తిగా ఆపేయడం ఒక మంచి ఏర్పాటు. మారిన రోజునే హాజరు పట్టీ, వారపు పరీక్షల మార్కుల పుస్తకం, గుర్తింపు కార్డు మీది బ్యాచ్ అక్షరం అన్నీ మారాలి.

కేటాయింపు చెడిందో లేదో తెలుసుకోవడానికి మార్పు వినతులే మంచి సాక్ష్యం. మొదటి వారంలోనే ఉదయం నుంచి సాయంత్రానికీ, సాయంత్రం నుంచి ఉదయానికీ దాదాపు సమానంగా వినతులు వస్తే తప్పు కేటాయింపుది లేదా ఫారానిది. నిజమైన కోరికలు తెలిసి, లాటరీ వరుసలో పంచితే, ఇద్దరూ మార్చుకుని ఇద్దరూ బాగుపడే అవకాశం మిగలదు. అది మిగిలిందంటే అబద్ధపు ప్రాధాన్యాలు వచ్చాయని గానీ, వరుస తప్పిందని గానీ అర్థం. వినతులన్నీ ఒకే దిక్కుగా, పగటి నుంచి బయటికే వస్తుంటే కేటాయింపును తప్పుపట్టి లాభం లేదు. పదిన్నర అన్న వేళే తప్పు, రెండింటికో మూడింటికో జరిపి చూడాలి. రెండు నెలల తర్వాత అన్ని దిక్కులా చెదురుమదురుగా వచ్చేవి మనుషుల జీవితాల్లో వచ్చిన మార్పులు మాత్రమే.

ఇంకో గుర్తు హాల్లోనే దొరుకుతుంది. హాజరు పట్టీలో 52 టిక్కులుండి, తలలు లెక్కపెడితే 61 వచ్చాయంటే, తొమ్మిది మంది చెప్పకుండా వేరే బ్యాచ్‌లో కూర్చుంటున్నారన్నమాట. వాళ్లు తమ సొంత బ్యాచ్‌లో గైర్హాజరుగా కనిపిస్తారు కాబట్టి, అక్కడ సీట్లు ఖాళీ అయినట్టు లెక్కకు రాదు, ఆ సీట్లు అవసరమైనవాళ్లకు చేరవు. వాళ్లను బయటికి పంపడం కన్నా, మార్పు ఫారం చేతికిచ్చి తర్వాతి జాబితాలో చేర్చడం మంచిది. తమ బ్యాచ్‌కు వరుసగా రెండు వారాలు రాకుండా, మార్పూ అడగకుండా ఉన్నవాళ్లకు ఒక ఫోన్ చేసి, జవాబు లేకపోతే ఆ సీటును ఖాళీ కింద రాసి, గొలుసులోకి తీసుకోవాలి.